పరుగెత్తాలి... కాళ్లు కదలవు!

*తరుముతున్న కల ఒకటే. ఎందుకు వచ్చిందంటే మాత్రం శాస్త్రవేత్తలు రెండు సమాధానాలు చెబుతారు. లోపల మెదడు చేసిన గోలకు అల్లుకున్న కథే అది అంటారు ఒకరు. లక్షల ఏళ్లుగా మనల్ని బతికించిన ఆపద రిహార్సల్ అంటారు మరొకరు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుంది?*

ఎవరో తరుముతుంటారు. ఎవరన్నది సరిగ్గా తెలీదు. కుక్క కావచ్చు, కత్తి పట్టుకున్న మనిషి కావచ్చు, ఒక్కోసారి మొహమే ఉండదు. సందు మలుపు కళ్లముందే ఉంటుంది. అక్కడిదాకా వెళ్తే చాలు, గండం గడిచినట్టే. కానీ అడుగు పడదు. అరుద్దామంటే గొంతు పెగలదు. ఒళ్లంతా చెమటతో మెలకువ వచ్చేసరికి పక్కన ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, గుండె మాత్రం ఇంకా పరుగెడుతూనే ఉంటుంది.

ఈ కల రానివాళ్లు తక్కువ. కెనడాలో వెయ్యిమందికి పైగా కాలేజీ విద్యార్థులను ఏయే కలలు వచ్చాయో అడిగి 2003లో ఫలితాలు ప్రచురించారు. జాబితాలో మొదట నిలిచింది ఇదే. తమను ఎవరో తరుముతున్నట్టు ఎప్పుడో ఒకప్పుడు కల వచ్చిందని అయిదుగురిలో నలుగురు చెప్పారు.

కలలకు అర్థాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఈ కథనంలో వాళ్ల జోలికి పోవడం లేదు. ఈ ఒక్క కలను బల్ల మీద పెట్టి, రెండు సిద్ధాంతాలు దాన్ని ఎలా విప్పుతాయో చూద్దాం. ఒకటి అమెరికాలోని హార్వర్డ్ నుంచి 1977లో వచ్చిన యాక్టివేషన్-సింథసిస్. రెండోది ఫిన్లాండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయం నుంచి 2000లో వచ్చిన థ్రెట్ సిమ్యులేషన్.

నిద్రలో పనిచేసే మెదడు

రెండింటికీ పునాది ఒకటే కాబట్టి ముందు అక్కడికి వెళ్దాం. నిద్రపోతే మెదడు కూడా దుకాణం కట్టేస్తుందని చాలాకాలం అనుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, ఆయన గురువు నథానియెల్ క్లైట్‌మన్ 1953లో ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. నిద్రలో కొంతసేపు మూసిన రెప్పల కింద కళ్లు అటూ ఇటూ వేగంగా కదులుతాయనీ, ఆ సమయంలో లేపితే చాలామంది కల చెబుతారనీ చూపించారు. దానికే రెమ్ నిద్ర అని పేరు పడింది. సుమారు గంటన్నరకోసారి ఈ దశ వస్తుంది. రాత్రి తొలి భాగంలో అది పది నిమిషాల ముచ్చటే. తెల్లవారేకొద్దీ సాగి, చివరి విడత అరగంట దాటిపోతుంది. తెల్లవారుజాము కలలు మనకు బాగా గుర్తుండటానికి ఇదొక కారణం. అవి నిజమవుతాయా అన్నది వేరే సంగతి.

రెమ్ నిద్రలో ఇంకో విచిత్రం ఉంది. మెదడు దాదాపు మేలుకున్నంత చురుగ్గా ఉంటుంది, ఒళ్లు మాత్రం చచ్చుబడి ఉంటుంది. మెదడు కాండంలోంచి బయల్దేరిన సంకేతాలు వెన్నుపాములోని కండరాల నరాలను అణిచిపెడతాయి. కళ్లూ, శ్వాస కండరాలూ తప్ప మిగతావన్నీ సడలిపోతాయి. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మిషెల్ జువే పిల్లుల మీద ఈ సంగతి తేల్చారు. మెదడు కాండంలో పాన్స్ అనే చోట ఆ అణిచివేతను నడిపే చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, రెమ్ నిద్రలోకి జారిన పిల్లి లేచి నిలబడేది. నిద్రలోనే లేని ఎలుకను వెంటాడినట్టు, శత్రువు మీదికి ఉరికినట్టు చేసేది. అంటే పరుగెత్తమనే ఆజ్ఞలు మెదడులో నిజంగానే పుడుతున్నాయి. కండరాల దాకా చేరకుండా దారిలో ఎవరో గేటు వేస్తున్నారు. ఈ గేటును గుర్తుపెట్టుకోండి. ఇకముందు వచ్చే వాదమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

హార్వర్డ్ మాట: ముందు గోల, తర్వాత కథ

అలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ ఇద్దరూ సైకియాట్రిస్టులు. కలంటే అణచుకున్న కోరికలు మారువేషంలో రావడమే అన్న ఫ్రాయిడ్ మాట వాళ్ల వృత్తిలో వేదంలా చెలామణి అవుతున్న రోజులవి. వీళ్లు ఆ పుస్తకాలు పక్కనపెట్టి, పిల్లుల మెదడు కాండంలోకి సన్నని ఎలక్ట్రోడ్లు దింపి ఒక్కో నాడీకణం ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు మూగబోతుందో రికార్డు చేశారు. మెలకువలో చురుగ్గా ఉండే నార్ ఎడ్రినలిన్, సెరొటోనిన్ కణాలు రెమ్ నిద్ర రాగానే దాదాపు నోరు మూసుకుంటాయి. ఎసిటైల్ కొలీన్‌తో పనిచేసే కణాలు విజృంభిస్తాయి. పాన్స్ నుంచి విద్యుత్ తరంగాలు లేచి చూపుకు సంబంధించిన భాగాల దాకా పాకుతాయి.

ఇక్కడి నుంచే వాళ్ల ఊహ మొదలైంది. ఆ తరంగాల్లో కథ ఏమీ లేదు. అవి కోరికా కాదు, భయమూ కాదు, రసాయనాల లెక్క ప్రకారం గంటన్నరకోసారి తనంతట తాను రాజుకునే అలజడి. అది పైకి ఎగబాకి చూపు, కదలిక, శరీర సమతుల్యం, భావోద్వేగం చూసుకునే భాగాలను తట్టి లేపుతుంది. ఇది యాక్టివేషన్. బయటి లోకంతో సంబంధం తెగిపోయిన పై మెదడుకు ఆ సంకేతాలు ఎక్కడివో తెలీదు. దానికి తెలిసిన పని ఒకటే, వచ్చినదానికి అర్థం కట్టడం. సంబంధంలేని షాట్లన్నీ ఎడిటింగ్ టేబుల్ మీద గుమ్మరించి రేపటికల్లా సినిమా కావాలన్నారనుకోండి, ఎడిటర్ ఏం చేస్తాడు? ఉన్నవాటినే అతికించి ఏదో కథ లాగిస్తాడు. ఇది సింథసిస్. అందుకే కలలో నాన్నగారు ఉన్నట్టుండి హెడ్మాస్టరవుతారు, ఇల్లు రైలుపెట్టె అవుతుంది, మనకేమో అందులో వింతేమీ కనిపించదు.

మన కలను ఈ సిద్ధాంతం చేతిలో పెట్టి చూద్దాం. కదలికల భాగం రాజుకుంది, పరుగెత్తమని ఆజ్ఞ వెళ్లింది. భయానికి కేంద్రమైన అమిగ్డలా కూడా రెమ్ నిద్రలో చురుగ్గానే ఉంటుందని తర్వాతి కాలపు స్కానింగులు చూపించాయి. భయం ఉంది, పరుగు ఉంది, ఎవరో తరుముతున్నారన్న కథ వాటికి అతికినట్టు సరిపోతుంది. మరి కాళ్లెందుకు కదలవు? గేటు పడింది కాబట్టి. ఆజ్ఞ వెళ్లిందిగానీ కాలు కదిలిందన్న కబురు వెనక్కి రాలేదు. మెదడు ఆ లోటును కూడా కథలో కలిపేసింది. ఇంత పొందికైన వివరణ కలల శాస్త్రంలో అరుదు. చదివిన ఎవరికైనా అవును కదా అనిపిస్తుంది.

అనిపించిన తర్వాత ఒక్క క్షణం ఆగితే చిక్కు కనిపిస్తుంది. గేటు రెమ్ నిద్ర ఉన్నంతసేపూ మూసే ఉంటుంది కదా. అలాంటప్పుడు కలలో వేసిన ప్రతి అడుగూ ఆగిపోవాలి. కానీ మనం కలల్లో హాయిగా నడుస్తాం, మెట్లెక్కుతాం, కొందరు ఎగురుతారు కూడా. కాళ్లు అతుక్కుపోయేది కొన్నిసార్లే. ఆ కొన్నిసార్లే ఎందుకో గేటు ఒక్కటే చెప్పలేదు.

దీనికంటే పెద్ద దెబ్బ 1997లో మార్క్ సోమ్స్ నుంచి వచ్చింది. ఈయన చదివింది పిల్లుల మెదళ్లను కాదు, మెదడు దెబ్బతిన్న మనుషులను. పాన్స్ పాడై రెమ్ నిద్ర దాదాపు పోయినవాళ్లలోనూ కలలు మిగిలిన సందర్భాలు ఉన్నాయని ఆయన చూపించారు. తలకిందులు కేసు ఇంకా బలమైనది. నుదుటి వెనుక లోతుల్లోని నరాల దారులు తెగినవాళ్లకూ, చెవుల పైన వెనకవైపున ఉండే కూడలి ప్రాంతం దెబ్బతిన్నవాళ్లకూ రెమ్ నిద్ర మామూలుగానే ఉంది, కలలు మాత్రం ఆగిపోయాయి. రెమ్ కాని నిద్రలో లేపినా కొందరు కలలు చెబుతారని అప్పటికే తెలుసు. అంటే రెమ్ నిద్ర వేరు, కల వేరు. అవి తరచూ కలిసి వస్తాయి, అంతే. పాన్సే కలల కార్ఖానా అన్న మాట అక్కడితో బలహీనపడింది. నుదుటి వెనుక తెగిన ఆ దారులు ఆసక్తినీ, కోరికనూ నడిపే డోపమిన్ దారులు కావడంతో ఫ్రాయిడ్ అభిమానులకు కాస్త ఊపిరి వచ్చింది.

ఇంకో అభ్యంతరం ఉంది. గోలలోంచి పుట్టిన కథ గందరగోళంగా ఉండాలి. ల్యాబుల్లో లేపి రాయించిన కలల్లో ఎక్కువ భాగం చప్పగా ఉంటాయి. వంటింట్లో ఎవరితోనో మాట్లాడటం, ఏదో వెతకడం, ఎక్కడికో బయల్దేరడం. మనం పొద్దున్నే పక్కవాళ్లకు చెప్పేది వింత కలలనే కాబట్టి కలలన్నీ వింతే అనుకుంటాం.

టుర్కు మాట: ఇది రిహార్సల్

ఆంటీ రెవొన్సువో ప్రశ్నే వేరు. కల ఎలా పుడుతుందన్నది కాదు, అందులో ఉన్నదే ఎందుకు ఉందన్నది ఆయన ప్రశ్న. నిజంగా యాదృచ్ఛికమైతే కలల్లో సంతోషం, విసుగు, భయం, భోజనం అన్నీ ఒక మోస్తరుగా కలిసి రావాలి. అలా రావడం లేదు. కెల్విన్ హాల్, రాబర్ట్ వాన్ డి కాసిల్ వెయ్యి కలలను వర్గీకరించి 1966లో వేసిన పుస్తకం నుంచి మొదలుపెడితే, లెక్కలన్నీ చెడువైపే మొగ్గుతాయి. దురదృష్టాలు అదృష్టాల కంటే ఎక్కువ, కొట్లాటలు స్నేహాల కంటే ఎక్కువ, కొట్లాటలో కల కనేవాడు కొట్టడం కంటే దెబ్బతినడమే ఎక్కువ.

రెవొన్సువో వాదన ఇలా సాగుతుంది. మనిషి చరిత్రలో అత్యధిక భాగం వేట, ఏరుకోవడం మీదే గడిచింది. జంతువులు, పరాయి గుంపులు, వరదలు, చీకటి. బతుకు చిన్నది, తప్పు చేస్తే రెండో అవకాశం లేదు. అలాంటి చోట నిద్రలో ఆపదను చూసి, తప్పించుకోవడాన్ని సాధన చేసే మెదడుకు కొద్దిపాటి లాభం ఉండి ఉంటుంది. ఆ కొద్దిపాటి లాభం తరాల తరబడి పేరుకుంది. చదవడం, రాయడం, లెక్కలు చేయడం కలల్లో చాలా తక్కువగా కనిపించడానికీ, తరిమివేతలు ఎక్కువగా కనిపించడానికీ కారణం ఇదేనంటారాయన.

గేటు సంగతి? హార్వర్డ్‌కు పనికొచ్చినట్టే ఇక్కడా పనికొస్తుంది, కానీ వేరే పనికి. సాధన నిజమైనది కావాలంటే మెదడు నిజమైన ఆజ్ఞలే ఇవ్వాలి. ఒంటికి దెబ్బ తగలకుండా ఉండాలంటే ఆ ఆజ్ఞలు కండరాలకు చేరకూడదు. రెవొన్సువో దృష్టిలో గేటు ఆ రిహార్సల్‌కు రక్షణ. గేటు సరిగా పడని జబ్బు ఒకటుంది. ఆ మనుషులు నిద్రలో మంచం మీంచి దూకుతారు, పక్కనున్నవారిని కొడతారు. లేపి అడిగితే ఎవరో మీద పడ్డారని, కాచుకున్నానని చాలామంది చెబుతారు. మినెసోటా డాక్టర్లు 1986లో ఈ జబ్బును మనుషుల్లో వర్ణించారు. జువే పిల్లులు చేసింది ఇదే.

ఈ సిద్ధాంతానికి మెచ్చుకోదగ్గ గుణం ఒకటుంది. తప్పని తేల్చగల జోస్యాలు చెబుతుంది. పగలు నిజమైన ప్రమాదాలు చూసినవారికి రాత్రి ఆపద కలలు పెరగాలి. 2005లో రెవొన్సువో సహచరి కాత్యా వల్లీ బృందం ఉత్తర ఇరాక్‌లోని కుర్దు పిల్లల కలలను సేకరించింది. కొందరు యుద్ధంలో తీవ్రంగా దెబ్బతిన్నవారు, కొందరు అంతగా కానివారు. వాళ్లతో ఫిన్లాండ్‌లో నిమ్మళంగా పెరుగుతున్న పిల్లలను పోల్చారు. బాగా దెబ్బతిన్న పిల్లలు ఎక్కువ కలలు చెప్పారు, వాటిలో ఆపదలు ఎక్కువ, ఆ ఆపదలు మరింత తీవ్రం. జోస్యం ఫలించింది.

ఏది ఆపద?

ఇక్కడే కథ రసకందాయంలో పడుతుంది. టుర్కు బృందం 52 మంది విద్యార్థులు రాసిచ్చిన 592 కలలను లెక్కగట్టి, దాదాపు మూడింట రెండొంతుల కలల్లో ఆపద ఉందని చెప్పింది. 2004లో కేప్ టౌన్ విశ్వవిద్యాలయం నుంచి సూసన్ మాల్కమ్-స్మిత్, మార్క్ సోమ్స్ 401 మంది చెప్పిన కలలను చూసి, ప్రాణాపాయం అనదగ్గది తొమ్మిది శాతం కలల్లో కూడా లేదన్నారు. ఒకరికి అరవై పైచిలుకు, ఒకరికి తొమ్మిది లోపు. మనుషుల కలలు ఖండం మారితే అంత మారిపోతాయా?

మారింది కొలత. ఒక కల అనుకుందాం. ఒకమ్మాయి విజయవాడ బస్టాండులో ఉంది. బ్యాగు కనిపించడం లేదు, హాల్‌టికెట్ అందులోనే ఉంది. బస్సు కదిలిపోయింది. ఏడుస్తూ వెతుకుతుంటే పెద్ద కుక్క మీదికి వచ్చింది. పరుగెత్తబోయింది, మెలకువ వచ్చింది. టుర్కు పద్ధతిలో ఆపద అంటే తరిమివేత, దాడి, ప్రమాదం, జబ్బు, విపత్తు మాత్రమే కాదు, వైఫల్యం కూడా. ప్రాణానికే కాదు, వస్తువులకూ, పరువుకూ ముప్పు ఉంటే లెక్కలోకి వస్తుంది, తీవ్రతను తర్వాత వేరుగా వేస్తారు. బ్యాగు పోవడం ఒకటి, బస్సు తప్పడం ఒకటి, కుక్క ఒకటి. ఒకే కలలో మూడు ఆపదలు. కేప్ టౌన్ పద్ధతిలో ప్రాణం మీదికి వచ్చేదీ, నిజజీవితంలో జరగగలిగేదీ అయితేనే ఆపద. బ్యాగు లెక్కకు రాదు, బస్సు రాదు. కుక్క బహుశా వస్తుంది. ఆపైన రెండో ప్రశ్న వేస్తారు, తప్పించుకుందా? లేదు, మెలకువ వచ్చేసింది. ఆ గడిలో సున్నా.

నా మటుకు నాకు కేప్ టౌన్ ప్రశ్నే సూటిగా అనిపిస్తుంది. ఇది ప్రాణాలు కాపాడుకునే సాధన అని చెప్పేటప్పుడు, కొలవవలసింది ప్రాణాపాయాన్నీ, దాన్నుంచి తప్పించుకోవడాన్నీ కదా. వాళ్ల 2008 అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. నేరాలు ఎక్కువగా ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతంలో 208 మందినీ, ప్రశాంతమైన వేల్స్‌లో 116 మందినీ ఇటీవలి కల చెప్పమన్నారు. నిజజీవితంలో ప్రాణగండాలు దక్షిణాఫ్రికా వాళ్లకే ఎక్కువ ఎదురయ్యాయి. ఆపద కలలు మాత్రం వాళ్లకే తక్కువ వచ్చాయి. జోస్యం ఈసారి ఎదురుతిరిగింది. ఆపద నుంచి తప్పించుకున్న కలలు రెండు శాతం కూడా లేవు.

మన కలకు మళ్లీ రండి. కాళ్లు కదలని కల పారిపోవడానికి సాధన ఎలా అవుతుంది? రోజూ ఓడిపోవడమే సాధన చేస్తే ఏం నేర్చుకుంటాం? ఆపదను ముందే పసిగట్టడం కూడా సాధనలో భాగమే, పారిపోవడం ఒక్కటే కాదు అంటుంది టుర్కు పక్షం. కావచ్చు. కానీ కదలని కాళ్లకు హార్వర్డ్ దగ్గర ఓ అసంపూర్ణమైన జవాబైనా ఉంది. టుర్కు దగ్గర అది కూడా లేదు.

కుర్దు పిల్లల ఫలితాన్ని మరోలా చదివే వీలూ ఉంది. పగలు మనసును ఏది పట్టి పీడిస్తుందో రాత్రి కలలోకి అదే వస్తుంది అనుకుంటే చాలు, యుద్ధం చూసిన పిల్లలకు యుద్ధమే కలలోకి రావడంలో ఆశ్చర్యం లేదు. దానికి పరిణామ చరిత్ర దాకా వెళ్లనవసరం లేదు. రిహార్సల్ అనాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. ఆ కలలు వచ్చినవాళ్లు నిజమైన ఆపదలో మిగతావాళ్ల కంటే మెరుగ్గా నెగ్గుకొచ్చారని చూపాలి.

పరీక్ష హాలులో ఒక పరీక్ష

ఆ మెట్టుకు దగ్గరగా వచ్చిన అధ్యయనం ఒకటి పారిస్‌లో జరిగింది. మన ఇళ్లకు బాగా తెలిసిన ఆపదే అది. ఫ్రాన్స్‌లో మెడిసిన్ మొదటి ఏడాదిలో ఒక పోటీ పరీక్ష ఉండేది, అందులో గట్టెక్కేది కొద్దిమందే. ఇసబెల్ ఆర్నూల్ఫ్ బృందం పరీక్ష రాసినవారిని కలల గురించి అడిగితే 719 మంది జవాబిచ్చారు, ఫలితాలు 2014లో వచ్చాయి. ముందురోజు రాత్రి 60 శాతం మందికి పరీక్షే కలలోకి వచ్చింది. అందులో 78 శాతం కలల్లో ఏదో ఒక ఘోరం జరిగింది, ఆలస్యంగా చేరడం, జవాబులు మర్చిపోవడంలాంటివి. ఇంటర్ పాసై పాతికేళ్లయినా లెక్కల పేపరు కలలోకొచ్చి ఉలిక్కిపడే మన తెలుగు నాన్నలకు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

ఆసక్తికరమైన సంగతేమిటంటే, చదువుకునే నెలల్లో పరీక్ష కలలు ఎక్కువ వచ్చినవాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి. ముందురోజు రాత్రి పరీక్ష కల వచ్చినవాళ్లూ హాల్లో మెరుగ్గా రాశారు. రెవొన్సువోకు ఇది తీపికబురే. కానీ పరీక్ష గురించి ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్లే ఎక్కువ చదువుతారు, వాళ్లకే పరీక్ష కలలు వస్తాయి. మార్కులు కల ఇచ్చిందా, చదువు ఇచ్చిందా? సర్వే కాగితం ఆ రెంటినీ విడదీయలేదు. విడదీయాలంటే విద్యార్థుల్లో సగంమందికి కల రాకుండా చేసి చూడాలి. రెమ్ నిద్ర రాకుండా చేయడం ల్యాబులో కష్టం కాదు. కానీ సోమ్స్ చెప్పినట్టు రెమ్ ఆపితే కల ఆగినట్టు కాదు. పైగా నిద్ర చెడినవాడి మార్కులు ఎలాగూ పడిపోతాయి.

ఈ మధ్యలో రెండు పక్షాలూ తమ చోటు నుంచి కొంచెం కదిలాయి. కలలో కనిపించేది గోల మీద అల్లిన కథేనన్న హాబ్సన్, 2009లో రాసిన వ్యాసంలో రెమ్ నిద్రను మెలకువకు మెదడు చేసుకునే ముందస్తు తయారీగా చూడవచ్చన్నారు. పుట్టకముందు నుంచే శిశువులో ఆ నిద్ర ఎక్కువగా ఉండటం ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి. 2021లో ఆయన కన్నుమూశారు. రెవొన్సువో బృందం కూడా ఆపదల దగ్గరే ఆగకుండా, మనుషులతో మెలగడాన్ని కూడా కల సాధన చేయిస్తుందన్న కొత్త ప్రతిపాదనను ముందుకు తెచ్చింది. కలల్లో అంతమంది మనుషులు, అన్ని మాటలు ఎందుకుంటాయన్న ప్రశ్నకు అది జవాబు. అయితే ఒకచోట మాత్రం ఇద్దరూ కలవలేదు. తయారయ్యేది మెదడు యంత్రాంగం, ఏ రాత్రి ఏ కథ నడిచిందన్నదానితో పెద్ద పనిలేదని హాబ్సన్ వైపు. ఆ రాత్రి తరిమింది కుక్కా, మనిషా, ఎటు పరుగెత్తాం అన్నదే అసలు సంగతని రెవొన్సువో వైపు.